పెళ్లి వీడియో కరెక్షన్లు రెండు రౌండ్లలో ముగించడం ఎలా?

కావలిలో పెళ్లి షూట్ చేసి గంటన్నర వీడియో కట్ చేశారనుకుందాం. దాన్ని నేరుగా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే మీ పని అయిపోయినట్టే. పెళ్లికూతురి పిన్ని తలంబ్రాలు ఇంకాసేపు ఉండాలంటుంది, పెళ్లికొడుకు మేనమామ అసలు వీడియోనే పొడవంటాడు.

అందుకే అడ్వాన్స్ తీసుకునే రోజే రెండు సంగతులు తేల్చుకోండి. కరెక్షన్లు రెండు రౌండ్లే, ఆపైన విడిగా డబ్బు. అందరి మాటలూ పోగుచేసి మీకు చెప్పే మనిషి ఒక్కరే. డబ్బిచ్చే పెద్దాయన కంటే పెళ్లికూతురో, ఆమె అన్నయ్యో అయితే మేలు. వాళ్లయితే చివరిదాకా చూస్తారు.

మొదటి రౌండులో కలర్ చేయని రఫ్ కట్ పంపండి. ఏం మిస్సయింది, ఏది ఎక్కువైంది, వరుస సరిగా ఉందా, పాటలు నచ్చాయా అని మాత్రమే అడగండి. షాట్లను పాట బీటుకి కట్ చేస్తాం కాబట్టి, తర్వాత పాట మారితే ఆ ముక్కంతా మళ్లీ కట్ చేయాల్సిందే. ఫైలుకి kavali_v1.mp4 లాంటి పేరు పెట్టి, స్క్రీన్ మూలన టైమ్‌కోడ్ కనిపించేలా ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రీమియర్‌లో అయితే ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లోనే Timecode Overlay ఉంటుంది.

కరెక్షన్లు ముక్కలు ముక్కలుగా వస్తుంటే టైమ్‌లైన్ ముట్టుకోవద్దు, లిస్టు మొత్తం వచ్చేదాకా ఆగండి. వచ్చాక కూడా, "అప్పగింతలు బాగా రాలేదు అబ్బయా" లాంటి మాట ఉంటే దాంతో ఏమీ చేయలేం. చాలామంది వెంటనే పాట మార్చేస్తారు. ముందు ఫోన్ చేసి ఏ నిమిషం దగ్గర, ఏం తక్కువైందని అడగండి. 41:20 దగ్గర నాయనమ్మ ఏడుస్తుంటే షాట్ తెగిపోయి డ్రోన్ విజువల్ వచ్చిందని అప్పుడు బయటపడుతుంది. ఆ షాట్ ఇంకో ఎనిమిది సెకన్లు ఉంచితే సరిపోతుంది, పాట జోలికి పోనక్కర్లేదు. అడిగింది మీ ఫుటేజ్‌లోనే లేకపోతే ఆ మాట అప్పుడే చెప్పేయండి.

కట్ ఓకే అన్నాకే కలర్, సౌండ్, టైటిల్స్. పేర్లు శుభలేఖ చూసి టైప్ చేయండి, ఫోన్‌లో విని కాదు. రెండో రౌండు ఫైలుని వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే క్వాలిటీ పడిపోయి, మసగ్గా ఉందన్న కంప్లయింటొకటి అనవసరంగా వస్తుంది. డాక్యుమెంట్‌గానో, డ్రైవ్ లింకుగానో పంపండి. ఈ దశలో పాట మార్చమంటే కాదనక్కర్లేదు. ఎన్ని నిమిషాలు తిరిగి కట్ చేయాలో, ఎంతవుతుందో చెప్పండి. సగం మంది అక్కడే ఆగిపోతారు.

"ఓకే" అని మెసేజ్ వచ్చాకే ఫైనల్ రెండర్ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పాత వెర్షన్లు మాత్రం వెంటనే డిలీట్ చేయొద్దు. ముందు చూపించినప్పుడు ఫలానా షాట్ ఉండింది కదా అని అడిగేవాళ్లుంటారు.