బరువు తగ్గించే ఇంజెక్షన్ డోసు పెంచుతున్నారా? కండ కరిగిపోకుండా ముందే చూసుకోవాల్సినవి

సెమాగ్లుటైడ్ అయినా టిర్జెపటైడ్ అయినా ముందు చిన్న డోసుతో మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాలకు ఒకసారి మెట్టు మెట్టుగా పెంచుతారు. ఈ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ల విషయంలో నేను ఎక్కువగా భయపడేది డోసు పెంచాక వచ్చే మొదటి రెండు వారాల గురించే. అప్పటిదాకా కాస్తో కూస్తో తింటున్న మనిషికి ఒక్కసారిగా అన్నం చూస్తేనే వద్దనిపిస్తుంది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది. రోజంతా టీ, ఒక పండు, కాస్త మజ్జిగన్నంతో గడిచిపోతుంది. బరువు మాత్రం చకచకా తగ్గుతుంటుంది కాబట్టి ఇంట్లో అందరూ సంతోషిస్తారు. తగ్గుతున్నది కొవ్వా, కండా అనేది బరువు మిషన్ చెప్పదు.

సెమాగ్లుటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో కొంతమందికి శరీరాన్ని స్కాన్ చేసి చూశారు. తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని భాగం. టిర్జెపటైడ్ పరీక్షలో అది సుమారు నాలుగో వంతు. కొవ్వు కాని భాగమంటే అంతా కండే కాదు, అందులో నీరు, కాలేయం లాంటివి కూడా ఉంటాయి. ఏ పద్ధతిలో బరువు తగ్గినా కొంత కండ పోవడం మామూలే. కానీ మన భారతీయుల్లో అదే బరువున్న తెల్లజాతి వాళ్లతో పోలిస్తే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. 50 దాటిన ఆడవాళ్లలో ఆ ఉన్నది కూడా తగ్గుతూ వస్తుంటుంది. పోగొట్టుకోవడానికి మన దగ్గర మిగులు లేదు.

అందుకే డోసు పెంచే ముందు వారంలోనే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. మొదట, కిడ్నీ సమస్య ఉందేమో క్రియాటినిన్ పరీక్షతో తెలుసుకోండి. ఉంటే ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి, కింద చెప్పే లెక్క మీకు వర్తించదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే తిండి తగ్గినప్పుడు షుగర్ బాగా పడిపోవచ్చు. బీపీ మాత్రలతో కళ్లు తిరగొచ్చు. ఈ మందుల డోసు మార్చాలేమో ముందే అడగండి. ఆ తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత కండ తగ్గుతోందేమో పట్టించేది ఈ అంకే. ఇంకో మాట, కార్తీక మాసం ఉపవాసాలు, పెళ్లి ప్రయాణాలు ఉన్న వారంలో డోసు పెంచుకోవద్దు. ఒక వారం ఆలస్యమైతే నష్టం లేదు, డాక్టర్‌తో మాట్లాడి వాయిదా వేసుకోండి.

ఇక తిండి సంగతి. 52 ఏళ్ల ఒక టీచర్‌ని ఊహించుకుందాం. బరువు 84 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, గుడ్డు తింటారు, మాంసం తినరు. కిడ్నీలు బాగున్నాయి. ప్రోటీన్ లెక్క ఇప్పుడున్న 84 కిలోలకు వేస్తే తినలేనంత వస్తుంది. ఆమె ఎత్తుకి తగిన బరువు సుమారు 57 కిలోలు. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల చొప్పున చూస్తే రోజుకి సుమారు 68 నుంచి 85 గ్రాములు కావాలి. 80 పెట్టుకుందాం. ప్రస్తుతం ఆమె తినేది పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కొంచెం అన్నంలో పప్పుచారు, పెరుగు, సాయంత్రం టీ, రాత్రి ఒక పుల్కా. అందులో ప్రోటీన్ 20 గ్రాములు కూడా దాటడం కష్టం.

తిండి పరిమాణం పెద్దగా పెంచకుండా దీన్ని ఇలా మార్చవచ్చు. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, ఒక గ్లాసు పాలు: దాదాపు 18 గ్రాములు. మధ్యాహ్నం 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో చేసిన కూర, గట్టి పప్పు ఒక కప్పు, కొంచెం పెరుగు, అన్నం రెండు మూడు ముద్దలు: 28 దాకా వస్తుంది. సాయంత్రం ఒక స్కూపు వే ప్రోటీన్, ఇది 24. రాత్రి 60 గ్రాముల పనీర్‌తో ఒక పుల్కా, 14. మొత్తం 84. పళ్లెంలో ముందు తినాల్సింది కూర, పప్పు, గుడ్డు. అన్నం ఆఖర్న. మనకి అలవాటు దీనికి తలకిందులు కాబట్టి, మొదట అన్నం కలుపుకుంటే అసలైనవి మిగిలిపోతాయి. పప్పుచారు, రసం పప్పుకి బదులు కావు, వాటిలో ఉండేది నీళ్లే ఎక్కువ.

ఇంజెక్షన్ వేసుకున్నాక మొదటి రెండు మూడు రోజులు మరీ కష్టంగా ఉంటాయి. ఆ రోజుల్లో 80 కోసం మొండిగా పోరాడకండి, 60కి దిగకుండా చూసుకోండి. వేడి వేడి వంటల వాసనకి వికారం పెరుగుతుంది, చల్లటివి కాస్త సులువుగా దిగుతాయి. పెరుగులోనో చల్లటి పాలలోనో వే ప్రోటీన్ కలిపి, ఒకేసారి కాకుండా గంటకి కొంచెం చొప్పున తాగొచ్చు. పూరీ, గారె లాంటి నూనె వంటకాలు ఆ రోజుల్లో మానేయండి. కడుపు ఖాళీ అయ్యే వేగం ఇప్పటికే తగ్గి ఉంటుంది, నూనె దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

ప్రోటీన్ ఒక్కటే సరిపోదు. కండని నిలబెట్టుకోమని శరీరానికి చెప్పేది బరువు ఎత్తడం. రోజూ నడవడం గుండెకి మంచిది గానీ ఈ పని దానితో అవ్వదు. వారానికి రెండు సార్లు, కుదిరితే మూడు సార్లు, అరగంట చాలు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, వంటగట్టుకి ఆనుకుని పుషప్, రబ్బరు బ్యాండ్‌ని ఛాతీ వైపు లాగడం, డంబెల్స్ పట్టుకుని వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు సెట్లు. చివరి రెండు సార్లు కష్టమనిపించాలి, అలాగని భంగిమ చెడకూడదు. 12 తేలిగ్గా అయిపోతుంటే బరువు కొంచెం పెంచండి. అర కిలో డంబెల్‌ని నెలల తరబడి ఊపడం వల్ల కండకి ఏమీ తెలియదు.

మన టీచర్ శుక్రవారం రాత్రి ఇంజెక్షన్ వేసుకుంటారనుకుందాం. శని, ఆదివారాలు నీరసం. అందుకని వ్యాయామం మంగళవారం, శుక్రవారం పొద్దున పెట్టుకుంటే రెండూ ఓపిక ఉన్న రోజుల్లోకి వస్తాయి. కొత్త డోసు మొదటి రెండు వారాల్లో ఎత్తే డంబెల్ బరువు తగ్గించవద్దు, సెట్లు తగ్గించండి. మూడు చేసే చోట ఒకటి చేసినా కండ చాలావరకు నిలుస్తుంది. వాంతులవుతున్నా, కళ్లు తిరుగుతున్నా ఆ రోజు మానేయాల్సిందే, ముందు ఓఆర్ఎస్ తాగాలి.

ప్రతి రెండు వారాలకి కుర్చీ పరీక్ష మళ్లీ చేయండి. ఆమె డోసు పెంచక ముందు 13 సార్లు లేచారనుకుందాం. బరువు తగ్గుతున్నప్పుడు ఈ అంకె పెరగాలి, లేదా అలాగే ఉండాలి, ఎందుకంటే ఎత్తాల్సిన శరీరం తేలికైంది. నాలుగో వారానికి అది 10కి పడిపోయి, అదే సమయంలో వారానికి కిలోకి పైగా బరువు తగ్గుతూ, ప్రోటీన్ 50 గ్రాముల దగ్గరే ఆగిపోతే, నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి తర్వాతి మెట్టు ఆపమని అడగాలి. పైడోసుకి చేరడం తప్పనిసరి కాదు, టిర్జెపటైడ్‌ని 5 మిల్లీగ్రాముల దగ్గరే కొనసాగించవచ్చు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. డాక్టర్ చూసేవరకు తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకండి.