ఆరో పాఠం: పవర్ తగ్గిస్తే గీత విలువ ఎందుకు పెరుగుతుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందికి ఒకే చోట తప్పింది. .22 రైఫిల్‌ను 50 మీటర్లకు జీరో చేసి, 100 మీటర్ల దగ్గర 2 మిల్ గీతను మధ్యబిందువు మీద పెట్టి కాల్చమన్నాను. కొందరి గుళ్లు చక్కగా మధ్యలో పడ్డాయి. మిగిలినవారి గుళ్లు దాదాపు 20 సెంటీమీటర్లు పైకి పోయాయి. తూటాల పెట్టె మార్చినవారు, స్కోపు మరలు మళ్లీ బిగించినవారు కూడా ఉన్నారు. లోపం తూటాల్లోనూ లేదు, మరల్లోనూ లేదు. పైకి కాల్చినవారిది 4-16 సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోపు. వేసవి మధ్యాహ్నం ఎండమావికి లక్ష్యం అలలుగా కదులుతుంటే పవర్‌ను 16 నుంచి 8కి తగ్గించారు. తగ్గించడం సరైన పనే. గీతలు ఏ పవర్‌లో నిజం చెబుతాయో ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

స్కోపులో బొమ్మను పెద్దది చేసే కటకాలు మధ్యలో ఉంటాయి. రెటికిల్ వాటికి ముందు, అంటే లక్ష్యం వైపు ఉంటే అది ఫస్ట్ ఫోకల్ ప్లేన్. వాటి వెనక, కంటి వైపు ఉంటే సెకండ్. మొదటి రకంలో బొమ్మతో పాటు గీతలు కూడా పెరుగుతాయి, తగ్గుతాయి. అందుకే 2 మిల్ గీత ఏ పవర్‌లోనైనా 2 మిల్లే. రెండో రకంలో గీతలు కంటికి ఎప్పుడూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. వెనకాల బొమ్మ మాత్రమే మారుతుంది.

ఇక్కడే ఎక్కువమంది తలకిందులుగా లెక్క వేస్తున్నారు: ‘పవర్ సగమైంది, కాబట్టి గీత విలువ కూడా సగం.’ ఈ తప్పు ఎన్నిసార్లు సరిదిద్దినా తిరిగి వస్తోంది కాబట్టి నిదానంగా చూద్దాం. కిటికీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీశారనుకోండి. ఎదురుగా ఉన్న గోడ ఆ రెండింటి మధ్య సరిగ్గా పట్టింది. ఇప్పుడు గోడ సగం పరిమాణానికి కుదించుకుపోతే అవే గీతల మధ్య అలాంటి గోడలు రెండు పడతాయి. గీతలు కదల్లేదు, కానీ వాటి మధ్య పట్టే మేర రెట్టింపైంది. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో జరిగేది ఇదే. 100 మీటర్ల దగ్గర 1 మిల్ అంటే 10 సెంటీమీటర్లు. 16 పవర్‌లో ఒక్కో గీతకు 10 సెంటీమీటర్లు వస్తే, 8లో అదే గీతకు 20 వస్తాయి. కాబట్టి 8లో 2 అని రాసి ఉన్న గీతతో కాల్చినవారు నిజానికి 4 మిల్ ఎత్తి కాల్చారు. కావలసింది 2, ఎక్కువైంది 2, అంటే 20 సెంటీమీటర్లు. తలకిందుల లెక్కతో 4వ గీతను వాడి ఉంటే గుండు 60 సెంటీమీటర్లు పైకి పోయి కాగితానికే తగిలేది కాదు.

సూత్రం ఇది. కావలసిన మిల్‌ను ఇప్పుడున్న పవర్‌తో గుణించి, గీతలు నిజం చెప్పే పవర్‌తో భాగించండి. 2 మిల్ కావాలి, పవర్ 12: 2 × 12 ÷ 16 = 1.5. అంటే ఒకటిన్నర గీత. 8లో 1వ గీత, 4లో అర గీత. టరెట్ క్లిక్కులకు ఈ లెక్క వర్తించదు. క్లిక్కు విలువ ఏ పవర్‌లోనూ మారదు. అందుకే నేను సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతలను పూర్తి పవర్‌లో, సరిగ్గా సగంలో మాత్రమే వాడతాను. మధ్యలో ఎక్కడైనా ఉంటే టరెట్ తిప్పుతాను. పవర్ తరచూ మార్చేవారికి ఫస్ట్ ఫోకల్ ప్లేన్ మేలు. అయితే అతి తక్కువ పవర్‌లో దాని గీతలు వెంట్రుకల్లా సన్నబడి, అంకెలు చదవడమే కష్టమవుతుంది.

మరో సంగతి. రింగు మీద 16 అని ఉన్నంత మాత్రాన గీతలు అక్కడే నిజం చెబుతాయని నమ్మకండి. చాలా స్కోపుల్లో అది గరిష్ఠ పవరే, కొన్నింటిలో మధ్యలో ఉంటుంది. స్కోపుతో వచ్చిన పుస్తకంలో రాస్తారు. ఆ తర్వాత మీరే కొలవండి. రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తీసి పక్కన పెట్టండి. టేపుతో కొలిచి సరిగ్గా 100 మీటర్ల దగ్గర ఒక అట్టను నిలబెట్టి, దాని మీద 50 సెంటీమీటర్ల ఎడంతో రెండు నల్లగీతలు గీయండి. ఆ ఎడం సరిగ్గా 5 మిల్‌లో పట్టేవరకు రింగు తిప్పండి. నా స్కోపులో అది 16 దగ్గర కాదు, దానికి కొంచెం ముందే కుదిరింది. అక్కడ గోళ్ల రంగుతో చుక్క పెట్టుకున్నాను. తర్వాత అదే ఎడం రెండున్నర గీతల్లో పట్టే చోట రెండో చుక్క పెట్టాను. అదే నా సగం పవర్.

అభ్యాసం: 100 మీటర్ల దగ్గర మూడు కాగితాలు. మొదటిదానికి పూర్తి పవర్ చుక్క, రెండోదానికి సగం పవర్ చుక్క, మూడోదానికి రింగు మీది 12. ఒక్కోదానికి అయిదు గుళ్లు, టరెట్ ముట్టుకోకుండా. ఎక్కడ గురి పెట్టాలో లెక్క కాల్చకముందే కాగితం మీద రాయండి. 12కు భాగించేటప్పుడు మీ చుక్క దగ్గర రింగు చూపే అంకెను వాడండి. మూడు గుంపులూ ఒకే ఎత్తులో పడాలి. మొదటి రెండూ కలిసి 12 ఒక్కటే పైకో కిందికో పోతే, అట్టను మళ్లీ చూస్తూ 12 దగ్గర 50 సెంటీమీటర్లకు ఎన్ని గీతలు పడుతున్నాయో లెక్కపెట్టండి. రింగు మీది అంకె ఎంత తప్పో అక్కడ తెలుస్తుంది.