కాంటా చదవడం నేర్చుకుందాం – మూడో పాఠం: దావత్ తెల్లారి పెరిగిన రెండు కిలోలు

మొదటి పాఠంలో కాంటా ఎక్కడ పెట్టాలో చూశాం. షాబాద్ బండలు పరిచిన ఇల్లయితే రెండు బండల అతుకు మీద కాకుండా ఒకే బండ మీద, రోజూ అదే చోట పెట్టాలని చెప్పుకున్నాం. రెండో పాఠంలో ఎప్పుడు ఎక్కాలో చెప్పుకున్నాం: పొద్దున లేచి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, నీళ్లు గానీ చాయ్ గానీ ముట్టకముందే. ఆ రెండూ కుదిరినవాళ్లకే ఈ పాఠం. కుదరకపోతే ముందు ఓ వారం అది చేసి రండి, లేకపోతే కింద చెప్పే లెక్కలేవీ మీకు పనికిరావు.

ఈసారి ఒక్క మనిషి లెక్కే తీసుకుందాం. మా బామ్మర్దిది నల్లగొండ. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నడుస్తాడు, రాత్రి అన్నం తగ్గించి ఒక జొన్నరొట్టె తింటున్నాడు, చాయ్‌లో చక్కెర మానేశాడు. మొదలుపెట్టినప్పుడు 86.8 కిలోలు. వారం తిరిగేసరికి 84.6 కనిపించడంతో క్లాక్ టవర్ దగ్గర కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పుకున్నాడు. నేనేమీ అనలేదు. అన్నం తగ్గించిన మొదటి వారంలో పోయేది ఎక్కువగా నీళ్లే. మనం తిన్న పిండిపదార్థంలో కొంత కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఆ నిల్వ కరుగుతుంది, నీళ్లూ దాంతోపాటే పోతాయి. అందుకే ఆ మొదటి వారాన్ని లెక్కలోంచి తీసేసి, 84.6 నుంచే మొదలుపెట్టాం.

గోడకున్న క్యాలెండర్ గళ్లలో బాల్ పెన్‌తో రాసుకున్నాడు. సోమవారం నుంచి ఆదివారం దాకా మొదటి లెక్క వారం ఇదీ: 84.6, 84.2, 84.4, 83.9, 84.1, 84.3, 83.8.

ఆ ఆదివారం దేవరకొండలో పెళ్లి. బగారా అన్నం, మటన్, డబల్ కా మీఠా, ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. సోమవారం పొద్దున్నే ఫోన్.

"బావా, కాంటా ఖరాబైనట్టుంది, 85.7 చూపిస్తుంది. ఒక్క పూటకే రెండు కిలోలా? రెండు వారాల కష్టం మట్టిలో కలిసింది."

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి చూస్తే సోమవారం గడిలో 85.7 మీద రెండు అడ్డగీతలు కొట్టి ఉన్నాయి. ఈ పాఠంలో మొదటి తప్పు అదే. నచ్చని అంకెను కొట్టేస్తే ఆ వారం సగటు అబద్ధం అవుతుంది. పైగా అట్లా కొట్టేసే మనిషి తక్కువ చూపించిన రోజును మాత్రం ఎప్పుడూ కొట్టేయడు. గీతల పక్కనే మళ్లీ రాయించాను.

ఇప్పుడు ఆ 1.9 కిలోల సంగతి చూద్దాం. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. 1.9 కిలోలూ కొవ్వే అయితే రోజూ తినేదానికి పైన ఇంకో 14,600 కేలరీలు తిని ఉండాలి. నిండుగా పెట్టిన ఒక దావత్ ప్లేటును వెయ్యి కేలరీలు అనుకుందాం, అంటే పద్నాలుగు ప్లేట్లకు పైనే. మా బామ్మర్ది ఎంత మటన్ ప్రియుడైనా అంత తినలేదు, మామూలు కంటే ఓ వెయ్యి, పదకొండొందల కేలరీలు ఎక్కువ తిని ఉంటాడంతే.

మరి మిగతా బరువు ఎక్కడిది? సుమారుగా పంచి చూద్దాం. రాత్రి ఆలస్యంగా తిన్న భోజనం పొద్దున ఆరింటికి ఇంకా పేగుల్లోనే ఉంది, అది ఓ 800 గ్రాములు. తర్వాత ఉప్పు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది చూడండి, అంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. మన ఒంట్లోని ద్రవాల ఉప్పదనం కూడా దాదాపు అంతే, దాన్ని ఒళ్లు మారనివ్వదు. ఒక చెంచా ఉప్పు అదనంగా లోపలికి పోతే, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేదాకా దానికి సరిపడా అరలీటరు పైన నీటిని పట్టి ఉంచుతుంది. పెళ్లి వంటలో, పక్కన తొక్కులో, అప్పడంలో అంత ఉప్పు ఎక్కువ పడడం పెద్ద విషయం కాదు, కాబట్టి ఉప్పు వాటా 600 అనుకుందాం. మూడోది అన్నం, మీఠా. ఖాళీగా ఉన్న గ్లైకోజెన్ నిల్వ ఓ 100 గ్రాములు నిండింది, దాంతోపాటు 300 గ్రాముల నీరు, మొత్తం 400. ఇక మిగిలింది 100 గ్రాములు, కొవ్వుగా చేరితే అది చేరి ఉండాలి. ఈ అంకెలు మనిషిని బట్టి అటూఇటూ అవుతాయి, కానీ కొవ్వు వాటా ఎప్పుడూ చిన్నదే.

ఇది నీళ్లేనని రుజువు ఏంటంటే, ఎట్లా వచ్చిందో అట్లానే పోతుంది. రెండో వారం అతని అంకెలు: 85.7, 85.1, 84.5, 84.0, 83.7, 83.6, 83.5. నాలుగో రోజుకు దావత్ ముందున్న చోటికి దగ్గరగా వచ్చాడు. మధ్యలో ఉపవాసం ఉండలేదు, డబుల్ వాకింగ్ చేయలేదు, మామూలుగా తిన్నాడు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, సోమవారం భయంతో కడుపు మాడ్చుకుని, గురువారం బరువు దిగగానే ఆ మాడ్చడం వల్లే దిగిందనుకుంటారు. ఊరికే ఉన్నా దిగేదే.

ఇప్పుడు సగటు. ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించాలి. మొదటి వారం మొత్తం 589.3, సగటు 84.2. రెండో వారం మొత్తం 590.1, సగటు 84.3. అంటే సగటు కూడా వంద గ్రాములు పెరిగింది! వారం సగటు చూస్తే చాలు, అన్నీ తెలిసిపోతాయని చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు. ఒక్క దావత్ ఏడు రోజుల సగటును కూడా లాగేస్తుంది, ఎందుకంటే ఆ నీళ్లు మూడు నాలుగు రోజుల గళ్లలో కూర్చుంటాయి.

ఇలాంటి వారానికి నేను ఇంకో అంకె కూడా చూస్తాను. ఏడింటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసి సరిగ్గా మధ్యలోని నాలుగోదాన్ని తీసుకుంటాను. మొదటి వారంలో ఆ మధ్య అంకె 84.2, రెండో వారంలో 84.0. ఒకటి రెండు రోజుల పొంగు దీన్ని పెద్దగా కదిలించలేదు. ఫోన్‌లో షీట్ వాడేవాళ్లు బరువులను B2 నుంచి B8 దాకా రాసుకుని కింద ఈ రెండూ పెట్టుకుంటే చాలు, మొదటిది సగటు, రెండోది మధ్య అంకె:

```
=AVERAGE(B2:B8)
=MEDIAN(B2:B8)
```

రెండూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ వారం మామూలు వారం. సగటు మధ్య అంకె కంటే 200, 300 గ్రాములు పైకి పోతే ఏదో తిండి, ఉప్పు, ప్రయాణం కలిసిన వారం, దాని మీద ఏ తీర్పూ ఇవ్వొద్దు, తర్వాతి వారం దాకా ఆగాలి. మేమూ ఆగాం. మూడో వారం: 83.8, 83.4, 83.6, 83.2, 83.5, 83.1, 83.3. మొత్తం 583.9, సగటు 83.4.

మధ్యలో చెడిన వారాన్ని దాటి, మొదటి వారాన్ని మూడోదాంతో పోలిస్తే 84.2 నుంచి 83.4, రెండు వారాల్లో 800 గ్రాములు, అంటే వారానికి 400. దీన్ని తిరగేసి చూడండి: 0.4 కిలోను 7,700తో గుణిస్తే 3,080 కేలరీలు, రోజుకు 440. రాత్రి తగ్గించిన అన్నం, మానేసిన చక్కెర, నడక కలిపితే అంత లోటు రావడం నమ్మదగ్గదే. ఈ రెండు వైపులా సరిపోవడమే అసలు పరీక్ష. రోజుకు రెండు ముద్దలు తగ్గించిన మనిషికి వారంలో రెండు కిలోలు దిగితే అది కొవ్వు అయ్యే వీలే లేదు, కేలరీల లెక్క ఒప్పుకోదు. మొదటి రెండు వారాలు పోయాక కూడా వారానికి ఒంటి బరువులో ఒక శాతం కంటే ఎక్కువ దిగుతుంటే నీళ్లో, కండో పోతుందని అనుమానించాలి. 84 కిలోల మనిషికి ఆ హద్దు 840 గ్రాములు. పోయింది కండా, కొవ్వా అని కాంటా చెప్పలేదు. కాళ్ల కింద రేకులు పెట్టి కొవ్వు శాతం చూపించే మిషన్లు ఒంట్లోంచి చిన్న కరెంటు పంపి అంచనా కడతాయి, నీళ్లు మారితే ఆ శాతమూ మారిపోతుంది. బొడ్డు దగ్గర టేపు కొలతే నయం, అది వచ్చే పాఠంలో.

కిందికి దిగే అంకె కూడా ఇట్లానే మోసం చేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మునుగోడు వైపు చేను దగ్గర ఓ పూట పనిచేసొచ్చి ఎక్కితే కిలోకు పైగా తగ్గినట్టు చూపించడం మామూలే. రెండు చెంబుల మజ్జిగ, నీళ్లు తాగగానే మళ్లీ ఎక్కుతుంది. పోయింది చెమట. అట్లాగే కొత్తగా జిమ్ మొదలుపెట్టి ఒళ్లు నొప్పులున్న వారంలో కండల్లో నీరు చేరి బరువు పెరిగినట్టు, లేదా ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

ఆడవాళ్లకు ఈ వారం-వారం పోలిక సరిగ్గా కుదరదు. నెలసరికి ముందు రోజుల్లో అర కిలో నుంచి, కొందరికి రెండు కిలోల దాకా నీరు చేరి, తర్వాత పోతుంది. అందుకని ఈ వారం సగటును కిందటి వారంతో కాకుండా, కిందటి నెలసరి చక్రంలో ఇదే వారంతో పోల్చాలి. కనీసం రెండు చక్రాల అంకెలు చేతిలో ఉండాలి, తొందరపడితే లాభం లేదు.

ఒక విషయం ఈ లెక్కల బయటిది: గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు ఉబ్బినా, ఆయాసం వచ్చినా సగటు కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక ఇంటి పని. మహబూబ్‌నగర్‌లో మా వదిన అయిదు వారాల సగటులు ఇవి: 71.4, 71.2, 71.3, 72.0, 70.7. నెలసరి అయిదో వారం మొదట్లో వచ్చింది, దానికి ముందుది మొదటి వారం మొదట్లో. నాలుగో వారం శనివారం ఆమె "ఇంక నావల్ల కాదు" అని కాంటాను మంచం కిందికి తోసేసింది. ఏ వారాన్ని ఏ వారంతో పోల్చాలి, నాలుగు వారాల్లో నిజంగా ఎంత తగ్గింది, అది రోజుకు ఎన్ని కేలరీల లోటు? కాగితం మీద చేసి పెట్టుకోండి, జవాబుతోనే నాలుగో పాఠం మొదలవుతుంది.