ముసురు తర్వాత స్నేక్ ప్లాంట్ ఆకు వాలిందా? ముందు ఆ చెంబు పక్కన పెట్టండి

పోయిన వారం మహబూబ్‌నగర్ నుంచి మా వదిన ఫోన్ చేసింది. నాలుగు రోజులు ముసురు పట్టింది, వాన వెలిసిన మర్నాటి నుంచి చలి. మెట్ల పక్కన వరుసగా పెట్టుకున్న తొమ్మిది స్నేక్ ప్లాంట్ కుండీల్లో ఆరు పోయాయట. "ఆకులు వాలినయి. నీళ్లు సాలలేదేమో అని తలా ఒక చెంబు పోసిన. రెండు రోజులకు పట్టుకుంటే ఆకు ఆకే చేతిలకొచ్చింది, అడుగంతా పేస్టు లెక్క" అన్నది.

ఆ ఆరు కుండీలను చంపింది వాన కాదు, చలి కూడా కాదు. వాటిని చంపింది ఆ చెంబే. నేనూ ఒకసారి ఇదే పని చేసి ఒక పెద్ద కుండీ పోగొట్టుకున్నాను. మా నల్లగొండలో మా వీధిలోనే ఇంకో ఇద్దరు చేశారు. అందుకే ఎండ, గాలి, ఎరువు లాంటి అందరికీ తెలిసిన మాటలు వదిలేసి ఈ ఒక్క తప్పు గురించే రాస్తున్నాను.

దాహంలా కనిపిస్తుంది, దాహం కాదు

స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికా మొక్క. మందపాటి ఆకులే దాని నీళ్ల ట్యాంకు. మట్టి కింద అల్లం కొమ్ములాంటి దుంప ఉంటుంది, దానికి సన్నని వేర్లు. ఎండ బాగా ఉండి వెచ్చగా ఉన్న రోజుల్లో ఈ వేర్లు నీళ్లు లాగుతాయి. చలి మొదలై, మబ్బు కమ్మితే మొక్క దాదాపు నిద్రలోకి పోతుంది. అప్పుడు కుండీలో పోసిన నీళ్లను అది తాగదు. ఎండ లేదు కాబట్టి ఆ నీళ్లు ఆవిరీ కావు. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలిచి, వేర్లకు ఊపిరాడదు. చచ్చిన వేరు మీద బూజు, బ్యాక్టీరియా చేరి, అక్కడి నుంచి దుంపకు, దుంప నుంచి ఆకు మొదలుకు పాకుతాయి.

అసలు మోసం ఇక్కడే ఉంది. వేర్లు చచ్చాక ఆకు పైభాగానికి నీళ్లు అందవు. కింద తడి మట్టిలో కూర్చుని కూడా పైన ఆకు ముడతలు పడుతుంది, వాలుతుంది. చూసేవాళ్లకు అది అచ్చం దాహంలాగే ఉంటుంది. మనం జాలిపడి నీళ్లు పోస్తాం. అప్పటికి మిగిలిన ఒకటి రెండు మంచి వేర్లు కూడా దాంతో పోతాయి.

మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల లోపుకు రావడం మామూలే. ఉష్ణోగ్రత 10 దాటి కిందికి పోతేనే ఈ ఆకులకు చలి దెబ్బ నేరుగా తగులుతుంది. పొడి మట్టిలో ఉన్న మొక్క 12, 13 డిగ్రీల రాత్రులను తట్టుకుంటుంది. తడి మట్టిలో ఉన్నది తట్టుకోలేదు. తేడా చలిలో లేదు, కుండీ అడుగున ఉంది.

కళ్లతో కాదు, వేళ్లతో చూడాలి

వాలిన ఆకును చూడగానే నీళ్ల కోసం లేవకండి. మట్టికి ఆనుకుని ఉన్న ఆకు మొదలును బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కండి.

మొదలు గట్టిగా ఉండి, ఆకు పొడుగునా గీతల్లా ముడతలు పడి లోపలికి మడుచుకుని, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటే అది నిజమైన దాహం. చలికాలంలో ఇది చాలా అరుదు.

మొదలు మెత్తగా, నీరు పట్టినట్టు పసుపు లేదా గోధుమ రంగుకు తిరిగి, కొంచెం లాగితే ఊడి వస్తూ, మురిగిన వాసన కొడితే అది కుళ్లు. కుండీ బరువుగా ఉంటుంది.

మొదలు గట్టిగానే ఉండి, కిటికీ వైపో బయటి వైపో ఉన్న ఆకు మీద మాత్రం నీటి మరకల్లాంటి మచ్చలు వచ్చి, తర్వాత ఎండి తెల్లబడితే అది చలి దెబ్బ. ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు, మొక్కకు మాత్రం ప్రమాదం లేదు. ఇలాంటి మొక్కను లోపలికి మార్చి వదిలేయండి. దీనికీ నీళ్లు పోయకండి.

పై మట్టి ఎండిందని నమ్మకండి. అగరుబత్తి కాలిపోయాక మిగిలే పుల్ల ఒకటి చాలదు, పొడుగు చీపురు పుల్ల తీసుకుని కుండీ అడుగు దాకా దించి పది నిమిషాలు ఉంచండి. తీసినప్పుడు మట్టి అంటుకున్నా, పుల్ల రంగు ముదిరినా, లోపల తడి ఉన్నట్టే.

నా కుండీ సంగతి

నా మొక్క పది అంగుళాల పింగాణీ కుండీలో పదకొండు ఆకులతో ఉండేది. వాలిందని నీళ్లు పోశాను, మూడో రోజు మళ్లీ పోశాను. నాలుగో రోజు రెండు ఆకులు పడిపోతే అప్పుడు కుండీ బోర్లించాను. పైన రెండు అంగుళాలు పొడి. మధ్యలో నర్సరీ నుంచి వచ్చినప్పటి మట్టి ముద్ద అలాగే ఉంది, పిండితే నీళ్లు కారేంత తడిగా. కడియం వైపు నుంచి మనకు వచ్చే మొక్కలు చాలా వరకు ఇలాంటి బంకమట్టి ముద్దతోనే వస్తాయి. రవాణాలో ఎండకుండా ఉండటానికి అది మంచిదే, మన కుండీలో చలికాలానికి మాత్రం అదే ఉరితాడు. నేను కవరు కోసి, ముద్దను అలాగే కుండీలో దించి, చుట్టూ కొత్త మట్టి నింపాను. మీరూ అలాగే చేసి ఉంటారు.

వేర్లు కడిగి చూస్తే దుంప మూడు పాయలు. ఒకటి నల్లబడి జారిపోతోంది. ఒకటి సగం పోయింది. ఒకటి గట్టిగా ఉంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కుళ్లిన భాగాన్ని కోస్తూ పోయాను, కోసిన చోట లోపల తెల్లగా, శుభ్రంగా కనిపించే దాకా. ఒక్కో కోతకు కత్తిని మళ్లీ తుడవాలి, లేకపోతే కుళ్లును మనమే మంచి ముక్కకు పూసినట్టు. ఆఖరికి మూడు ఆకులతో ఒక దుంప ముక్క మిగిలింది. దాన్ని నీడలో పేపరు మీద ఐదు రోజులు ఆరబెట్టాను. కోసిన చోటు ఎండి పెచ్చులా గట్టిపడ్డాక ఐదు అంగుళాల మట్టి కుండీలో నాటాను. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు దొడ్డు ఇసుక, ఒక వంతు ఇటుక ముక్కలు. పది రోజులు చుక్క నీళ్లు పోయలేదు. ఇంట్లో అందరూ "పాపం" అన్నారు. తర్వాత ఒక టీ గ్లాసు, అంతే. ఏప్రిల్‌లో పక్కన కొత్త మొలక పైకొచ్చింది.

ఊడిన ఆకుల్లో పైభాగం గట్టిగా ఉన్నవాటిని నాలుగు అంగుళాల ముక్కలు చేసి, ఆరబెట్టి, ఇసుకలో గుచ్చాను. కింది వైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి, తలకిందులుగా గుచ్చితే వేరు పట్టదు. చలి తగ్గేదాకా వాటిలో కదలిక ఉండదు. వేరు వచ్చాక పిలక రావడానికి ఇంకా నెలలు పడుతుంది. అంచున పసుపు చార ఉన్న రకం అయితే ఇంకో సంగతి. ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లకు ఆ చార రాదు, మామూలు పచ్చదే వస్తుంది. చార కావాలంటే దుంప ముక్కనే కాపాడుకోవాలి.

దుంప మొత్తం జారిపోతే ఇంక వైద్యం లేదు. మందుల షాపులో ఇచ్చే బూజు మందు పొడి, ఇంట్లో పసుపు, దాల్చిన చెక్క పొడి, ఏది చల్లినా తడి మట్టిలో ఉన్నంతకాలం దండగే. పైగా బూజు మందు బ్యాక్టీరియా కుళ్లును ఆపదు.

దీపావళి నుంచి శివరాత్రి దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటిదాకా ఈ మాటలు పట్టుకోండి.

ముసురు అని వార్త వినగానే కుండీలను చూరు కిందికి జరపండి. వాన పడ్డాక కాదు, పడకముందే.

ఆకులు వాలితే నీళ్లు పోయకండి. మొదలు నొక్కి చూడండి.

నీళ్లు మూడు, నాలుగు వారాలకు ఒకసారి, అదీ చీపురు పుల్ల పొడిగా వస్తేనే. పొద్దున పది దాటాక పోయండి. తెల్లవారుజామున డాబా మీది ట్యాంకు నీళ్లు చల్లగా కొరుకుతుంటాయి, అవి వద్దు.

కుండీ అంచు వెంట పోయండి. ఆకుల మధ్య గిన్నెలా ఉండే చోట నీళ్లు నిలిస్తే మొదలు అక్కడి నుంచే కుళ్లుతుంది. వాన నీళ్లు అందులో నిలిస్తే పాత గుడ్డ ముక్కతో అద్ది తీయండి.

అడుగున చిల్లు లేని కుండీ వద్దు. చిల్లు ఉన్నా కుండీ గచ్చుకు అతుక్కుని ఉంటే లేనట్టే, కింద రెండు పెంకులు పెట్టి ఎత్తండి.

ప్లేటులో నీళ్లు కనిపిస్తే పారబోయండి.

క్రషర్ డస్ట్‌ను ఇసుక అనుకుని కలపకండి. తడిసి ఎండితే గచ్చులా బిగుస్తుంది.

ఒట్టి కొబ్బరి పొట్టులో పెంచకండి, చలికాలమంతా తడి వదలదు.

ఎరువు వేయకండి. ఏ ఎరువూ.

మొక్క నీరసంగా ఉందని పెద్ద కుండీలోకి మార్చకండి. మట్టి ఎంత ఎక్కువుంటే తడి అంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

చలిలో వణుకుతోందని రాత్రి ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల చెమ్మ పడుతుంది. ఇంట్లోకి తెచ్చుకోండి.

కుళ్లిన మట్టిని పక్క కుండీలో పోయకండి. కుళ్లిన ఆకులను మేకలకు, కుక్క తిరిగే చోటికి విసరకండి, ఆ రసం వాటికి పడదు, కుక్కకైతే వాంతులు అవుతాయి.

ఆకులు వాలితే నీళ్లు పోయకండి. రెండోసారి ఎందుకు రాస్తున్నానంటే, ఇది చదివాక కూడా రేపు పొద్దున మీ చేయి చెంబు మీదికి పోతుంది.

మీరు ఊరికి వెళ్తుంటే "అప్పుడప్పుడు నీళ్లు పోయండి" అని పక్కింటివాళ్లకు చెప్పి పోకండి. వాళ్లు మాట నిలబెట్టుకుంటారు. మా వీధిలో పోయిన రెండు కుండీలూ అలా పోయినవే.

వదిన దగ్గర మిగిలిన మూడు కుండీలను నిన్న ఫోన్‌లోనే బోర్లింపించాను. రెండింటి దుంపలు గట్టిగానే ఉన్నాయి, ఇప్పుడు పేపరు మీద ఆరుతున్నాయి. మూడోదాని సంగతి అడిగితే, "దానికి నిన్న పొద్దుగాలనే పోసిన" అన్నది.