కోట గీత – 3వ పాఠం: గుండ్రటి బురుజు నుంచి కోణపు బురుజుకు

కర్ర దడి నిప్పుకు లొంగిపోవడం, దాని చోట రాతి కోట రావడం గత పాఠాల్లో చూశాం. రాతికీ ఒక బలహీనత ఉంది, అది మూల. 1215లో ఇంగ్లండ్ రాజు జాన్, రోచెస్టర్ కోటలోని చదరపు బురుజు మూల కింద సొరంగం తవ్వించాడు. పైకప్పు కూలకుండా నిలిపిన దుంగలను 40 పందుల కొవ్వుతో కాల్పించగానే మూల కుప్పకూలింది. తర్వాత ఆ మూలను గుండ్రంగా కట్టారు.

గుండ్రటి బురుజుకు పట్టుకోవడానికి మూల లేదు. కానీ పక్క బురుజుల నుంచి దాని రెండు అంచులనూ తాకుతూ రెండు గీతలు గీయండి. అవి ముందువైపు కలిసేచోట, వంపుకూ గీతలకూ మధ్య ఒక ముక్కోణం మిగులుతుంది. పక్కనుంచి కొట్టే గుండు అక్కడికి చేరదు. గోడ ఎత్తుగా ఉన్న రోజుల్లో పైనుంచి రాళ్లు జారవిడిచి ఆ చోటును కాచేవారు. 1494లో ఫ్రాన్స్ రాజు 8వ చార్లెస్ ఇనుప గుండ్ల ఫిరంగులతో ఇటలీలోకి వచ్చాక ఎత్తైన పలుచని గోడలు పనికిరాలేదు. గోడను దించి, వెనక మట్టి పోసి లావు చేశారు. అంత లావు గోడ మీద నిలబడితే గోడ పాదం కనిపించదు. అందుకే ఇటలీ ఇంజనీర్లు ఆ ముక్కోణాన్నే కట్టడంతో నింపేశారు. కోణపు బురుజు ఆకారం అక్కడినుంచే వచ్చింది.

ఇప్పుడు ఫ్రెంచి ఇంజనీరు వోబాన్ పద్ధతిలో ఆరు భుజాల కోటకు ఒక భుజం గీద్దాం. ఆయన సాధారణంగా తీసుకున్న భుజం సుమారు 350 మీటర్లు. దాన్ని 18 సెంటీమీటర్ల గీతగా గీసి, చివరలకు క, ఖ అని పేర్లు పెట్టండి. మధ్య బిందువు నుంచి కోట లోపలికి, భుజంలో ఆరో వంతు, అంటే 3 సెం.మీ. దిగి మ గుర్తించండి. క–మ, ఖ–మ కలిపి, గీతలను మ దాటి పొడిగించండి. చివరల నుంచి ఆ గీతల మీద 5.1 సెం.మీ. కొలిచి చ, ఛ పెట్టండి. క–చ, ఖ–ఛ బురుజు ముఖాలు. వృత్తలేఖిని ముల్లు చ మీద ఉంచి, చ–ఛ దూరంతో చాపం గీస్తే అది క–మ పొడిగింపును ట దగ్గర ఖండిస్తుంది. ఛ మీద ముల్లు ఉంచి అలాగే ఠ తెచ్చుకోండి. ఛ–ట, చ–ఠ పక్క గోడలు, ట–ఠ మధ్య గోడ.

ట మీద స్కేలు పెట్టి చూడండి. ట, చ, క ఒకే గీత మీద ఉంటే, ట దగ్గరి ఫిరంగి ఎదుటి బురుజు ముఖం పొడవునా కొట్టగలదు. పక్క గోడ సుమారు 2.7, మధ్య గోడ సుమారు 7.5, క–ట సుమారు 13.4 సెం.మీ. రావాలి. క–ట అంటే నిజంలో 260 మీటర్లు. తుపాకీ గుండు అందే దూరమే దీనికి హద్దు కాబట్టి, భుజాన్ని ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు.

నాలుగు భుజాల కోటకూ ఆరో వంతే వాడితే బురుజు మొన 53 డిగ్రీలకు సన్నబడుతుంది. గుండు దెబ్బకు త్వరగా రాలుతుంది, లోపల ఫిరంగి తిప్పడానికీ చోటుండదు. అక్కడ ఎనిమిదో వంతు తీసుకుంటే మొన 62 డిగ్రీలు వస్తుంది. కోణమానినితో కొలిచి చూడండి.