అద్దె ఒప్పందంలో లాక్-ఇన్ షరతు

ఇంగ్లీషు రాని అద్దెదారు, ఒప్పందంలోని ప్రతి షరతునూ యజమానితో సంబంధం లేని వ్యక్తి చేత తెలుగులో చెప్పించుకున్న తరువాతే సంతకం చేయాలి. నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చని యజమాని నోటిమాటగా చెప్పినా, నోటీసు షరతుకు దూరంగా మరొకచోట ఆరు నెలల లాక్-ఇన్ షరతు, అంటే ఆ గడువులోపు ఒప్పందాన్ని ముగించకూడదనే షరతు, ఉండవచ్చు. అప్పుడు మూడో నెల చివర నోటీసిచ్చి నాలుగో నెలాఖరున ఖాళీ చేసినా, మిగిలిన రెండు నెలల అద్దెను అడ్వాన్సులోంచి మినహాయించుకునే హక్కు తనకుందని యజమాని ఆ కాగితాన్నే చూపుతారు. ఆ షరతు ఇద్దరికీ వర్తిస్తుందా, అద్దెదారుకు మాత్రమేనా అన్నది తప్పక అడగాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. సంతకమయ్యాక నోటిమాటకు విలువ దాదాపు ఉండదు కనుక, ఒప్పుకున్న మార్పును ముందుగానే ఒప్పందంలో రాయించుకోవాలి.