పోస్టాఫీసు ఆర్డీ గడువు తీరాక లెక్క కలవట్లేదా: సమస్య - పరిష్కారం

నెలకు రూ. 2,000 చొప్పున 2021 ఫిబ్రవరి 8న తెరిచిన ఖాతాను ఉదాహరణగా తీసుకుందాం. గడువు తీరేది 2026 ఫిబ్రవరి 8న. కట్టింది రూ. 1,20,000, చేతికి రావాల్సింది రూ. 1,39,393. ఫారం మీద సంతకం పెట్టే ముందే పాస్‌బుక్కు, ఏజెంటు కార్డు పక్కపక్కన పెట్టుకొని చూడండి. ఖాతా మూసేశాక సరిచేయించుకోవడం చాలా కష్టం.

సమస్య: పక్కింటివాళ్లకు వచ్చినంత రావట్లేదు

ఆఫీసు గోడ మీద 6.7 శాతం అని రాసి ఉంటుంది. ఆ లెక్కన రూ. 1,42,732 రావాలి కదా అని అడుగుతారు. కానీ ఆర్డీకి ఖాతా తెరిచిన రోజు ఉన్న వడ్డీయే చివరిదాకా నడుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా తెరిచినవాటికి 5.8 శాతమే. 6.7 వచ్చింది 2023 అక్టోబరు నుంచి. కాబట్టి ఈ రూ. 3,339 తేడా తప్పు కాదు.

ఫోన్లో ఎక్సెల్ షీట్ ఉంటే మీరే చూసుకోవచ్చు. 2000 దగ్గర మీ వాయిదా, 5.8 దగ్గర మీ వడ్డీ రేటు పెట్టండి:

```
=2000*((1+5.8/400)^20-1)/(1-(1+5.8/400)^(-1/3))
```

ఒకటి రెండు రూపాయల తేడా వస్తే పట్టించుకోవద్దు. వందల్లో వస్తే కింది కారణాలు వెతకండి.

సమస్య: వాయిదాలు 59 అంటున్నారు

ముందు మీ లెక్క సరిచూసుకోండి. ఖాతా తెరిచిన రోజు కట్టిందే మొదటి వాయిదా. అందుకని మన ఉదాహరణలో 60వది 2026 జనవరిది. ఫిబ్రవరిలో కట్టాల్సింది ఏమీ లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

అలా లెక్కేసినా ఒకటి తగ్గితే, ఏజెంటు కార్డు మీద సంతకం ఉండి పాస్‌బుక్కులో ఎక్కని నెల ఏదో పట్టుకోండి. డబ్బు ఇంటి దగ్గర తీసుకున్నారు గానీ ఆ నెల జాబితాలో మీ ఖాతా పడలేదన్నమాట. కార్డు జిరాక్సు జతచేసి పోస్టుమాస్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే డివిజన్ సూపరింటెండెంటు ఆఫీసుకు వెళ్లండి.

నిజంగానే మీరు కట్టని నెల ఉంటే, ఆ రూ. 2,000తో పాటు దాని వడ్డీ కూడా తగ్గుతుంది. తప్పిన వాయిదాలు నాలుగుకు మించకపోతే, గడువును అన్ని నెలలు పెంచుకొని వాటిని కట్టే వీలుంది. వెంటనే డబ్బు అవసరం లేనివాళ్లకు అదే మేలు.

సమస్య: ఆలస్య రుసుము ఎక్కువ పట్టినట్టుంది

మన దిక్కు పత్తి డబ్బు చేతికి వచ్చేదాకా, అంటే వానాకాలం నెలల్లోనే వాయిదాలు ఎక్కువగా ఆగుతాయి. రుసుము వందకు నెలకు ఒక రూపాయి. అంటే రూ. 2,000 వాయిదాకు రూ. 20. అయితే ఇది ఆగిన ప్రతి నెలకూ పెరుగుతూ పోతుంది. మే, జూన్, జులై ఆగి ఆగస్టు 10న అన్నీ కట్టారనుకోండి. మే వాయిదా మూడు నెలలు ఆలస్యం కాబట్టి రూ. 60, జూన్‌కు 40, జులైకి 20, మొత్తం రూ. 120. ఆగస్టు వాయిదాతో కలిపి ఆ రోజు కట్టాల్సింది రూ. 8,120. మూడు నెలలకు రూ. 60 చాలనుకోవడం వల్లే గొడవ వస్తుంది.

ఈ రూ. 120 వాయిదాతో పాటే అప్పటికప్పుడు తీసుకుంటారు. అది జమలో కలవదు, వడ్డీ రాదు, చివర్లో తిరిగి రాదు. మరి అదే రుసుమును గడువు తీరాక మళ్లీ కోస్తే మాత్రం ఒప్పుకోకండి, ఏ నెలకు కోశారో చూపించమనండి.

ఇంకోటి, తేదీ. నెలలో 15 లోపు తెరిచిన ఖాతాకు 15 లోపు కట్టాలి. 16 తర్వాత తెరిచినదానికి నెలలో చివరి పనిదినం దాకా సమయం ఉంటుంది. కార్డు మీద 12వ తేదీ, పాస్‌బుక్కులో 18 ఉంటే ఆలస్యం ఏజెంటుది, ఆ రూ. 20 మీరు భరించాల్సినది కాదు. ఏజెంటుకు కమిషన్ పోస్టల్ శాఖే ఇస్తుంది.

సమస్య: జమ సరిగ్గా ఉంది, చివరి మొత్తం తగ్గింది

ఖాతా మీద అప్పు తీసుకున్నారేమో గుర్తుచేసుకోండి. పన్నెండు వాయిదాలయ్యాక జమలో సగం దాకా అప్పు ఇస్తారు, దానికి ఆర్డీ వడ్డీ కన్నా 2 శాతం ఎక్కువ. తీర్చకపోతే అసలూ వడ్డీ కలిపి గడువు తీరాక పట్టుకుంటారు. అప్పు తేదీ, తిరిగి కట్టిన రసీదులు పెట్టి చూస్తే లెక్క తేలుతుంది.

రూ. 1,39,393 చేతికి నగదుగా ఇవ్వరు. సేవింగ్స్ ఖాతాలో వేస్తారు లేదా చెక్కు ఇస్తారు. ఖాతాలో పడిన అంకెను ఆఫీసు వాళ్లు ఇచ్చిన కాగితం మీది అంకెతో పోల్చి చూశాకే పాత పాస్‌బుక్కు అప్పగించండి. దానికి ముందు ప్రతి పేజీ ఫోటో తీసిపెట్టుకోండి.